"చర్చించండి" అంటే ఏం చేయాలి? పాఠం చివరి అభ్యాసాలను స్పష్టంగా తిరగరాయడం ఎలా

"మూసీ వరదల గురించి చర్చించండి."

సోషల్ పాఠం చివర ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకుందాం. హోంవర్క్ వేళ ఇంట్లో ఏం జరుగుతుందో హైదరాబాద్‌లో చాలామంది తల్లిదండ్రులకు తెలిసిందే. పాప పుస్తకం పట్టుకొచ్చి "అమ్మా, ఇక్కడ ఏం రాయాలి?" అంటుంది. అమ్మ పాఠం మొత్తం తిరగేస్తుంది. పాఠంలో వరద ఉంది, తేదీ ఉంది, చెరువుల పేర్లూ ఉన్నాయి. వాటితో ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా లేదు. చివరికి పాప గైడు తీసి, అందులో ఉన్న పది లైన్లు దించేసి పడుకుంటుంది.

ఈ పాపకు పాఠం అర్థం కాలేదని అనలేం. చదివింది, చెప్పమంటే చెబుతుంది కూడా. అర్థం కానిది కింద ఉన్న ఒక్క వాక్యం. ఏటా జూన్‌లో కొత్త పుస్తకాలు చేతికి రాగానే పాఠాలు బరువెక్కాయనీ, సిలబస్ పెరిగిందనీ మాట్లాడుకుంటాం. పిల్లలు నోటుబుక్కు ముందు ఆగిపోయేది చాలాసార్లు ఆ వాక్యం దగ్గరే. దాన్ని తిరగరాయడమంటే సరిగ్గా ఏం చేయడం, ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నవి చూద్దాం.

సూచన వేరు, విషయం వేరు

పాఠం చివర ఉండే ప్రతి అభ్యాసంలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి విషయం: మూసీ వరద, భిన్నాలు, సంధులు. రెండోది ఆ విషయంతో పిల్లలు చేయాల్సిన పని: రాయాలా, గీయాలా, పోల్చాలా, కారణం చెప్పాలా. ఈ రెండో భాగాన్ని చెప్పేదే సూచన. "చర్చించండి", "వివరించండి", "గుర్తించండి", "పరిశీలించండి" లాంటి క్రియలు ఆ పనిని మోస్తాయి.

పుస్తకం రాసేవాళ్ళ మనసులో ఆ పని స్పష్టంగానే ఉంటుంది. తెలంగాణ సైన్స్, సోషల్ పుస్తకాల్లో కొన్ని ప్రశ్నల చివర ఏఎస్1, ఏఎస్2 అని చిన్న కోడ్ కనబడుతుంది. విద్యా ప్రమాణాల నంబర్లవి. ఏఎస్1 అంటే విషయావగాహన. అంటే ఈ ప్రశ్న ఏ సామర్థ్యాన్ని చూడటానికో రాసినవారు ముందే తేల్చుకున్నారన్నమాట. ఆ కోడ్ చదవడం టీచరుకు తెలుసు. జవాబు రాయాల్సిన పిల్లలకు కనిపించేది క్రియ ఒక్కటే. తిరగరాసేవాళ్ళ పనంతా ఈ దూరాన్ని తగ్గించడమే: రాసినవారి మనసులో ఉన్న పనిని చదివేవారికి కనబడేలా కాగితం మీద పెట్టడం.

మూసీ ప్రశ్నకు వచ్చే మూడు రకాల జవాబులు

పాఠంలో ఉన్నది ఇంతేననుకుందాం. 1908 సెప్టెంబర్ 28న మూసీకి పెద్ద వరద వచ్చి హైదరాబాద్‌ను ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. ఆ మరుసటి ఏడు, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట చెరువు అంటాం.

ఇప్పుడు "మూసీ వరదల గురించి చర్చించండి" అన్న దానికి వచ్చే జవాబులు చూడండి. ఒక అబ్బాయి వరద వచ్చిన రోజును కథలా రాస్తాడు: నీళ్ళు ఎలా పెరిగాయో, అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కి జనం ఎలా ప్రాణాలు దక్కించుకున్నారో. టీచరు తరగతిలో చెప్పిన ఆ చెట్టు సంగతి వాడి మనసులో పడిపోయింది. ఒక అమ్మాయి రెండు జలాశయాల పేర్లు, సంవత్సరాలు వరుసగా రాసి ఆపేస్తుంది. ఇంకో అబ్బాయి "వరదలు రాకుండా చెట్లు నాటాలి, నాలాల్లో ప్లాస్టిక్ వేయకూడదు" అని రాస్తాడు. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. ముగ్గురూ వరద గురించే రాశారు. ముగ్గురు చేసిన పనులు మాత్రం మూడు: ఒకరు వర్ణించారు, ఒకరు జాబితా ఇచ్చారు, ఒకరు సలహా ఇచ్చారు.

దిద్దేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. ప్రశ్నకు నాలుగు మార్కులనుకోండి. టీచరు మనసులో ఉన్నది "ఎగువన జలాశయం కడితే కింద ఊరికి వరద ఎలా తగ్గుతుంది" అన్నది అయితే ముగ్గురికీ మార్కులు తగ్గుతాయి. తమకు ఎందుకు తగ్గాయో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. పక్క సెక్షన్ టీచరుకు జాబితా చాలనిపిస్తే అక్కడి అమ్మాయికి నాలుగుకు నాలుగూ పడతాయి.

తెలుగులో "చర్చించండి"తో మరో ఇబ్బంది ఉంది. కొన్నిచోట్ల దాని అర్థం నిజంగానే నలుగురూ కూర్చుని మాట్లాడుకోమని. పాఠం మధ్యలో వచ్చే చర్చించండి చాలావరకు అదే. పాఠం చివర, పరీక్ష పేపర్లో అదే మాట వస్తే రాయమని అర్థం. అక్షరం మారకుండా పని మారిపోతోంది. ఏది ఎప్పుడో పిల్లలు అలవాటు మీద ఊహించుకోవాల్సిందే.

ఒక్క వాక్యంలో దాగిన నిర్ణయాలు

ఆ వాక్యాన్ని ముందు పెట్టుకుని, జవాబు రాయబోయే విద్యార్థి పెన్ను పెట్టేలోపు ఎన్ని తేల్చుకోవాలో లెక్కేయండి. ఏం చేయాలి: కారణం చెప్పాలా, జరిగింది చెప్పాలా? దేని ఆధారంగా: పాఠంలో ఉన్నదే రాయాలా, ఇంట్లో తాతయ్యను అడిగి రాయొచ్చా? ఏ రూపంలో: పేరానా, పాయింట్లా, పట్టికా? ఎంత: మూడు లైన్లా, పేజీనా? రాశాక ఇక చాలని ఎలా తెలుస్తుంది?

ఈ నిర్ణయాలన్నీ ఎవరో ఒకరు తీసుకోక తప్పదు. పుస్తకం తీసుకోకపోతే టీచరు, టీచరు చెప్పకపోతే ట్యూషన్, అదీ లేకపోతే గైడు. చదువుకున్న అమ్మానాన్నలున్న ఇంట్లో ఎవరో ఒకరు "ఇక్కడ కారణాలు అడుగుతున్నాడు" అని చెబుతారు. ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కిన పిల్లకు ఆ మాట చెప్పేవాళ్ళుండరు. అస్పష్టత అందరికీ ఒకటే బరువు కాదు. ఈ పని మీద నాకింత పట్టుదల ఉండటానికి కారణం అదే.

తిరగరాయడంలో మొదటి పొరపాటు: బిగించేయడం

అస్పష్టంగా ఉందనగానే చాలామంది చేసేది ప్రశ్నను పూర్తిగా బిగించడం. మూసీ ప్రశ్నను అలా బిగిస్తే ఇలా వస్తుంది:

"1908 వరద తర్వాత మూసీ మీద ________ జలాశయాన్ని 1920లో, ఈసీ మీద ________ జలాశయాన్ని 1927లో కట్టారు. ఖాళీలు పూరించండి."

ఏం చేయాలో ఇందులో ఏ అనుమానమూ లేదు. కానీ ప్రశ్నే మారిపోయింది. మొదటి ప్రశ్న ఆలోచన అడగాలనుకుంది. ఇది పాఠంలో రెండు పేర్లు వెతకమంటోంది. దిద్దడం తేలిక కాబట్టి టీచరుకూ హాయి, మార్కులు పడతాయి కాబట్టి పిల్లలకూ హాయి. పాఠం నుంచి పిల్లలకు రావాల్సింది మాత్రం రాలేదు. పుస్తకాలను స్పష్టం చేస్తామని మొదలుపెట్టి అభ్యాసాలన్నీ బిట్లుగా మారిపోవడం ఇలాగే జరుగుతుంది.

కాబట్టి క్రియ మార్చేముందు ఒక పని చేయాలి. ఈ ప్రశ్నకు బాగా రాసిన జవాబు ఎలా ఉంటుందో ముందే పూర్తిగా రాసి పెట్టుకోవాలి. మూసీ ప్రశ్నకు అలాంటి జవాబు ఇలా ఉండొచ్చు: "ఎగువన పెద్ద వాన కురిసినప్పుడు ఆ నీరంతా ఒక్కసారిగా ఊరి మీదికి రాకుండా జలాశయంలో నిలుస్తుంది. తర్వాత గేట్ల గుండా కొద్దికొద్దిగా వదులుతారు. అంత నీరే వచ్చినా ఎక్కువ గంటల మీద పంచుకుని వస్తుంది కాబట్టి నది గట్టు దాటదు." ఇది చేతిలో ఉంటే సూచన దాదాపు దానంతట అదే తయారవుతుంది:

"వరద తర్వాత ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఎగువన జలాశయం ఉంటే కింద ఊళ్ళో వరద ఎలా తగ్గుతుంది? వాన పడటం దగ్గర మొదలుపెట్టి, నీరు ఊరికి చేరేదాకా ఏం జరుగుతుందో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి."

ఇందులో పని ఉంది, మొదలెక్కడో ముగింపెక్కడో ఉంది, ఎంత రాయాలో ఉంది. జవాబు మాత్రం ఎక్కడా లేదు. గేట్ల మాట, నీరు నిలవడం, నెమ్మదిగా వదలడం, ఇవన్నీ పిల్లలే పట్టుకోవాలి. చింతచెట్టు కథ రాసిన అబ్బాయి ఈ సూచన చదివితే మళ్ళీ ఆ కథ రాయడు. వాడికి విషయం తెలియకపోతే రాయలేడు, తెలిస్తే రాస్తాడు. ఆ రెండింటికీ తేడా ఇప్పుడు టీచరుకు కనిపిస్తుంది.

రాసిన జవాబును చూసి సూచనను దిద్దుకునేటప్పుడు "మూడు నాలుగు వాక్యాలు" లాంటి కొలత ఎందుకని కొందరు అడుగుతారు. పిల్లల మీద పరిమితి పెట్టడానికి కాదది. రెండు లైన్లు రాసి టెన్షన్ పడే పాపకు ఇంకో మెట్టు ఉందని, పేజీ నింపాలని చూసే బాబుకు ఇక చాలని ఆ మాట చెబుతుంది.

వాక్యం చివరిదాకా వెళ్ళని పిల్లలు

తెలుగు వాక్యంలో అసలు క్రియ చివర వస్తుంది. ముందువన్నీ "చదివి", "గుర్తించి", "అమర్చి" అంటూ అసమాపక క్రియలుగా నడుస్తాయి. కథ చెప్పేటప్పుడు అందంగా ఉండే ఈ నడక సూచన రాసేటప్పుడు పనులను దాచేస్తుంది. అభ్యాసాల్లో తరచూ కనబడే తీరు ఒకటి చూడండి:

"పాఠాన్ని చదివి, ముఖ్యమైన సంఘటనలను గుర్తించి, కాలక్రమంలో అమర్చి, మీ సొంత మాటల్లో రాయండి."

ఇందులో పనులు నాలుగు. నోటుబుక్కుల్లో కనబడేది చివరిది ఒక్కటే. "రాయండి" అన్నది సమాపక క్రియ కాబట్టి ఆజ్ఞలా వినబడుతుంది. మిగతా మూడూ దానికి ముందు దారిలో వచ్చే మాటల్లా కొట్టుకుపోతాయి. పిల్లలు పాఠం నుంచి ఒక పేరా ఎత్తి రాసేస్తారు. గుర్తించడం, అమర్చడం జరిగాయో లేదో చూసేందుకు కాగితం మీద ఏ ఆనవాలూ ఉండదు.

ఒక్కో పనికి ఒక్కో వాక్యం ఇచ్చి, ప్రతి వాక్యాన్నీ సమాపక క్రియతో ముగిస్తే అదే అభ్యాసం ఇలా మారుతుంది:

"పాఠం చదవండి. సంవత్సరం ఉన్న ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఆ సంవత్సరాలను నోటుబుక్కులో పాతదాని నుంచి కొత్తదానికి ఒకదాని కింద ఒకటి రాయండి. ప్రతి సంవత్సరం పక్కన ఏం జరిగిందో మీ మాటల్లో ఒక వాక్యం రాయండి."

మూసీ పాఠంతో చేస్తే 1908, 1909, 1920, 1927 అని నాలుగు లైన్లు వస్తాయి. ఎక్కడ ఆగిపోయారో చూపు వేసి చెప్పొచ్చు. సంవత్సరాలు రాసి పక్కన ఖాళీ వదిలిన పాపకు సంఘటనలు పట్టుకోవడంలో ఇబ్బంది ఉంది. క్రమం తారుమారైతే ఇబ్బంది ఇంకోచోట ఉంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ మార్పులో "ముఖ్యమైన" అన్న మాట ఎగిరిపోయింది. దాని చోట "సంవత్సరం ఉన్న" వచ్చింది. ఏది ముఖ్యమో తేల్చుకోవడం నేర్పాలన్నదే ఆ అభ్యాసం ఉద్దేశమైతే, తిరగరాసినవారు దాన్ని చంపేసినట్టే. అప్పుడు మాట తీసేయకుండా దాన్ని పనిగా మార్చాలి: "ఈ పాఠంలోంచి రెండు సంఘటనలే ఎంచుకోండి. ఆ రెంటిలో ఏది జరగకపోయి ఉంటే ఇవాళ్టి హైదరాబాద్ ఎక్కువ మారిపోయి ఉండేదో చెప్పి, మీకు అలా ఎందుకనిపించిందో ఒక కారణం రాయండి." జవాబు పిల్లలదే, ఏ జవాబైనా రావచ్చు. పనిలో మాత్రం అనుమానం లేదు.

లెక్కల్లో "పోల్చండి", "నిరూపించండి"

లెక్కల పుస్తకంలో ఇలాంటి గొడవ ఉండదని అనుకుంటాం. "3/4, 5/6 భిన్నాలను పోల్చండి" అన్న ప్రశ్న తీసుకోండి. ఒక పాప 3/4 < 5/6 అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. ఒక బాబు హారాలను 12 చేసి, 9/12, 10/12 రాసి, రెండోది పెద్దదంటాడు. ఇంకో పాప "మొదటిదానిలో ఒకటికి పావు తక్కువ, రెండోదానిలో ఆరోవంతే తక్కువ, కాబట్టి రెండోదే పెద్దది" అని రాస్తుంది. ఈ మూడో జవాబు చాలా బాగుంది. లెక్క చేయకుండానే భిన్నం అంటే ఏమిటో ఆ పాపకు తెలుసని చెబుతోంది. సూచన పోల్చమని మాత్రమే అని, దిద్దే టీచరు మనసులో హారాలు సమానం చేయడం ఉంటే, ఈ పాపకే మార్కులు పోతాయి.

ఇక్కడ తిరగరాయడానికి రెండు దారులున్నాయి, రెండూ స్పష్టమే. "రెండు భిన్నాలనూ ఒకే హారంలోకి మార్చండి. మార్చాక వచ్చిన భిన్నాలు రాసి, ఏది పెద్దదో గుర్తుతో చూపండి" అంటే పద్ధతిని పరీక్షిస్తున్నట్టు. "ఏది పెద్దదో గుర్తుతో చూపండి. మీకెలా తెలిసిందో బొమ్మతోగానీ, లెక్కతోగానీ, మాటల్లోగానీ చూపండి" అంటే భిన్నం అర్థమైందా అని చూస్తున్నట్టు. ఏది కావాలన్నది పాఠం ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. కొత్త పద్ధతి నేర్పిన రోజు మొదటిది, యూనిట్ చివర రెండోది నప్పుతాయి.

"నిరూపించండి" ఇంకా కష్టమైనది. "రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య అని నిరూపించండి" అంటే ఎనిమిదో తరగతిలో చాలామంది 3 + 5 = 8, 7 + 9 = 16 అని రాస్తారు. వాళ్ళ దృష్టిలో అదే రుజువు. బయట లోకంలో చూపించి ఒప్పించడాన్నే రుజువంటాం కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేం. లెక్కల్లో అడిగేది వేరే: ఏ రెండు బేసి సంఖ్యలు తీసుకున్నా వర్తించేలా (2m + 1) + (2n + 1) = 2(m + n + 1) అని చూపడం. సూచనలో ఒక్క మాట చేరిస్తే దారి కనబడుతుంది: "ఏ రెండు బేసి సంఖ్యలకైనా ఇది నిజమని చూపండి. ఉదాహరణలు మాత్రమే చాలవు." జవాబులోని అక్షరాలు చెప్పలేదు, గీత ఎక్కడుందో చెప్పింది.

బిట్లలో "కానిది ఏది?" లాంటివి వీటికన్నా చిన్న సమస్య. "కాని" అన్న రెండక్షరాలు వేగంగా చదివే పిల్లలకు జారిపోతాయి. వాటిని లావు అక్షరాల్లో వేయడమో, ప్రశ్నను తిప్పి రాయడమో చేస్తే సరిపోతుంది.

"అన్నీ చెప్పేస్తే పిల్లలు ఆలోచించేదేముంది?"

ఈ అభ్యంతరం గట్టిది. అనుభవమున్న టీచర్లే ఎక్కువగా అంటారు. దాని వెనుక ఒక చరిత్ర కూడా ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బట్టీ చదువు నుంచి బయటపడాలనీ, బడి బయటి జీవితంతో చదువును కలపాలనీ గట్టిగా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లో "మీ అభిప్రాయం రాయండి", "ఆలోచించండి", "మీ ఊళ్ళో ఎలా ఉంది?" లాంటివి పెరిగాయి. వాటిని మళ్ళీ మెట్టు మెట్టుగా విడగొడితే పాత ఖాళీలు పూరించే రోజులకే వెళ్తామని వీళ్ళ భయం. ఆ భయంలో నిజం ఉంది. పైన ఖాళీల ఉదాహరణలో చూసింది అదే.

రెండోవైపు వాదన కూడా తరగతి గదిలోంచే వస్తుంది. నలభైమంది ఉన్న తరగతిలో "మీ అభిప్రాయం రాయండి" అంటే అభిప్రాయం రాసేది పదిమంది, మిగతా ముప్పైమంది ఆ పదిమందిలో ఒకరిది చూసి రాస్తారు. ఇంత విశాలమైన ప్రశ్నకు క్వశ్చన్ బ్యాంకుల్లో అచ్చువేసిన "నా అభిప్రాయం" కూడా దొరుకుతుంది. ఆలోచన కోసం వదిలిన ఖాళీని బట్టీయే నింపుతోందని వీళ్ళంటారు.

నా ఉద్దేశంలో ఇద్దరూ మాట్లాడుతున్నది రెండు వేరు వేరు ఖాళీల గురించి. జవాబు దగ్గర ఖాళీ ఉండాలి. పని దగ్గర ఉండకూడదు. మూసీ పాఠానికే ఇంకో ప్రశ్న చూడండి: "పెద్ద వాన రాకముందే జలాశయం నిండి ఉందనుకోండి. అప్పుడు కింద ఊరికి వరద తగ్గుతుందా? అవునో కాదో చెప్పి, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి." ఏం చేయాలో ఆరో తరగతి పాపకూ తెలుస్తుంది. జవాబు పాఠంలో ఎక్కడా లేదు, ఆలోచించి తీరాలి: నిండిన జలాశయంలో కొత్త నీటికి చోటుండదు, వచ్చినది వచ్చినట్టే కిందికి వదలాల్సి వస్తుంది. గండిపేట గేట్లు ఎత్తారని వార్త వచ్చిన రోజు ఆ పాపకు దాని అర్థం తెలుస్తుంది.

బడి బయటి జీవితాన్ని అడిగే ప్రశ్నలకూ ఇదే వర్తిస్తుంది. "మీ ప్రాంతంలో వరద సమస్యల గురించి రాయండి" బదులు, "మీ ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో వాన నీళ్ళు నిలిచే చోటు ఒకటి ఎంచుకోండి. అక్కడ నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయని మీరనుకుంటున్నారు? అలా అనుకోవడానికి మీరు కళ్ళతో చూసినది ఒకటి రాయండి" అంటే నలభైమందికి నలభై చోట్లు దొరుకుతాయి. గైడు వేసేవాళ్ళకు ఆ చోటు తెలియదు.

ఇంకో అభ్యంతరం అచ్చు వేసేవాళ్ళ దగ్గర్నుంచి వస్తుంది: స్థలం. ఒక లైన్ సూచన నాలుగు లైన్లయితే పేజీలు పెరుగుతాయి. తెలుగు ఒక పక్క, ఇంగ్లిష్ ఒక పక్క వేసే ద్విభాషా పుస్తకాల్లో ఒక లైన్ పెరిగితే రెండు పక్కలా పెరుగుతుంది. పైగా మూడో తరగతి పిల్లలకు నాలుగు లైన్ల సూచన చదవడమే ఒక పాఠం. అందుకే చిన్న తరగతుల్లో పొడవు పెంచడం కన్నా చేసి చూపిన ఉదాహరణ ఒకటి పెట్టడం మేలు. సంధి అభ్యాసమే తీసుకోండి. "సంధి పదాలను గుర్తించండి" అన్నదాని కింద "రాముడతడు = రాముడు + అతడు, ఉకార సంధి" అని మొదటిది చేసి ఇస్తే విడదీయాలా, పేరు రాయాలా, గీత గీయాలా అన్న మూడు అనుమానాలూ ఒక్క లైన్లో తీరిపోతాయి.

సూచన పనిచేస్తోందో లేదో తెలుసుకునే తీరు

తిరగరాసినవారికి తమ వాక్యం ఎప్పుడూ స్పష్టంగానే కనబడుతుంది. మనసులో జవాబు ఉంది కదా. కాబట్టి ఇతరులకు ఇచ్చి చూడక తప్పదు. పిల్లలకు ఇచ్చేటప్పుడు జవాబు రాయమనకూడదు. సూచన ఒక్కటీ చదివించి, "నీతో ఏం చేయమంటోంది? మొదట ఏం చేస్తావు? అయిపోయిందని నీకెలా తెలుస్తుంది?" అని అడగాలి. బాగా చదివేవాళ్ళు, తడుముకుంటూ చదివేవాళ్ళు కలిపి నలుగురైదుగురు చాలు. మూడో ప్రశ్న దగ్గర ఎక్కువమంది ఆగితే సూచనలో ముగింపు లేదన్నమాట. ముగ్గురు మూడు పనులు చెబితే క్రియ మార్చాలి. ఒకే పని చెప్పి, దాన్ని చేయలేమంటే సూచనలో తప్పు లేదు, పాఠం మళ్ళీ చెప్పాలి.

టీచర్లతో చేసే పరీక్ష ఇంకోటి. ఇద్దరు టీచర్లకు సూచన మాత్రమే ఇచ్చి, ఒకరికొకరు చూపకుండా నాలుగు మార్కులకు ఏ ఏ అంశాలకు ఎంత ఇస్తారో రాయమనాలి. ఒకరు సంవత్సరాలకు రెండు మార్కులు, ఇంకొకరు కారణాలకు నాలుగూ ఇస్తే, సూచన ఇంకా రెండు ప్రశ్నలను మోస్తోంది. ఇది పిల్లల దగ్గరికి వెళ్ళకముందే, ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో తేలిపోయే పని.

దిద్దిన నోటుబుక్కులు అన్నిటికన్నా మంచి సాక్ష్యం. తప్పులను రెండు కట్టలుగా విడదీయండి. అడిగిన పని చేసి జవాబు తప్పు రాసినవి ఒక కట్ట. జవాబులో విషయం సరైనదే, కానీ అడిగినది వేరు, ఇవి రెండో కట్ట. రెండో కట్ట పెద్దదైతే ఆ తప్పులు పిల్లల ఖాతాలో వేయకూడదు. ఫార్మేటివ్ పరీక్షలో అలా పోయిన మార్కులు రిజిస్టర్‌లో "సోషల్‌లో వెనుకబడ్డారు" అని కనబడతాయి. వాళ్ళకు రెమెడియల్ క్లాసు పెట్టి పాఠం మళ్ళీ చెబితే, తెలిసిన పాఠమే రెండోసారి విని, మళ్ళీ అదే "చర్చించండి" దగ్గర ఆగుతారు.

తరగతిలో నిజంగా మాట్లాడుకోవాల్సిన చర్చలకు ఇంత రాత అక్కర్లేదు. అక్కడ టీచరు ఉంటారు, పిల్లలు అడుగుతారు, దారి అక్కడికక్కడే తేలుతుంది. వాటికి కావాల్సింది ఎవరితో మాట్లాడాలి, చివర ఏం బయటికి రావాలి అన్న రెండే. "పక్కనున్న వాళ్ళతో మాట్లాడండి. జలాశయం వల్ల ఊరికి కలిగిన మేలు ఒకటి, ముంపు భూముల్లో ఉన్నవాళ్ళకు కలిగిన నష్టం ఒకటి ఎంచుకుని తరగతికి చెప్పండి" అంటే సరిపోతుంది. విడమరిచి రాయాల్సింది పిల్లలు ఒంటరిగా, పుస్తకం తప్ప ఎవరూ లేకుండా చేసే అభ్యాసాలకు: హోంవర్క్‌కు, సెలవుల్లో ఇచ్చే ప్రాజెక్టు పనికి, పరీక్ష పేపరుకు. సమయం తక్కువగా ఉన్నవాళ్ళు పుస్తకమంతా ముట్టుకోకుండా ముందు ఈ మూడింటితో మొదలుపెట్టొచ్చు.